చిన్న కొబ్బరితోటలో పెద్దబాతులను గడ్డి మీద పెంచడం: ఎకరానికి ఎన్ని, మేత ఎంత, పాక ఎలా, గుడ్లు ఎప్పుడు

పెద్దబాతులు పెంచాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎకరానికి ఎన్ని పక్షులు? ఆగస్టులో తోట చూసి లెక్క కట్టినవారు ఇరవై అనుకుంటారు. అదే తోటను ఏప్రిల్ నెలాఖరున చూసినవారు ఐదారు చాలనుకుంటారు. రెండో లెక్కే నిలుస్తుంది. ఈ మార్గదర్శి ఆ లెక్క మీదనే నడుస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది గోదావరి డెల్టాలో ఒక ఎకరం కొబ్బరితోట. చెట్లు ఎదిగినవి, కింద గరిక, తుంగ, అక్కడక్కడ వెడల్పాకు కలుపు ఉన్నాయి. కాలువ నీరు ఉన్నంతకాలం పచ్చదనానికి లోటు లేదు, వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీటితో చెట్ల పాదులు మాత్రమే తడుస్తాయి. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించే, ముక్కు మొదట్లో బొడిపె ఉండే తెల్లని లేదా గోధుమ బూడిద రంగు పక్షులనే దృష్టిలో పెట్టుకుని రాశాను. కొందరు వీటిని హంసబాతులంటారు. మామూలు బాతులు నీటిలో, బురదలో పురుగులను, నత్తలను ఏరుకుంటాయి. ఇవి ఆవుల్లాగా గడ్డి కొరుక్కు తింటాయి. అందుకే పోషణ పద్ధతి పూర్తిగా వేరు.

1. పక్షులను తెచ్చేముందు గడ్డిని చూసుకోవాలి

పెద్దబాతుకు ఆవుకున్నట్టు నెమరువేసే పొట్ట లేదు. తిన్న గడ్డిని కండరాల తిత్తిలో ఇసుకరేణువులతో నూరుకుంటుంది, ఆ గడ్డి కొన్ని గంటల్లోనే బయటకు వచ్చేస్తుంది. అందుచేత ముదిరిన పీచుగడ్డి నుంచి అది రాబట్టుకోగలిగేది చాలా తక్కువ. రెండు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో ఉన్న లేతగడ్డి మాత్రమే దానికి నిజమైన మేత. మోకాలెత్తు గడ్డిలో వదిలితే తొక్కి పాడుచేస్తుంది తప్ప తినదు.

కాబట్టి పక్షులు రావడానికి రెండు మూడు వారాల ముందు తోటలో గడ్డిని కోయించి, కోసినదాన్ని పశువులకు వేసి, మళ్ళీ చిగురు వచ్చేదాకా ఆగాలి. గరిక చిగురును ఇష్టంగా తింటాయి, లేత తుంగనూ తింటాయి. వయ్యారిభామ వంటి వెడల్పాకు కలుపును ముట్టవు. పెద్దబాతులు వస్తే కలుపంతా పోతుందని ఆశించేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి: అవి గడ్డిజాతిని అణచినకొద్దీ వయ్యారిభామకు చోటు పెరుగుతుంది, దాన్ని మనిషే పీకాలి.

ఇక లెక్క. పై తోటకు ఏడాది పొడవునా నిలిచే సంఖ్యగా ఒక మగబాతు, నాలుగు ఆడబాతులు సరిపోతాయని నా అభిప్రాయం. వానాకాలంలో గడ్డి మిగిలిపోతుంది, నిజమే. ఆ మిగులును కోసి పశువులకు వేయవచ్చు. మే నెలలో లేని గడ్డిని మాత్రం ఎక్కడి నుంచీ తేలేము.

తెచ్చేముందు చూసుకోవలసినవి:

- గడ్డి నాలుగు అంగుళాల లోపు ఎత్తులో, చిగురుతో ఉందా?
- గడిచిన వారాల్లో తోటలోగానీ, గట్టు అవతల పొరుగు చేలోగానీ కలుపుమందు, పురుగుమందు కొట్టారా? కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా, ఆ మీదట ఒక మంచి వాన పడేదాకా వదలకూడదు.
- తెగిన తీగముక్కలు, మేకులు, నైలాన్ పోగులు ఏరేశారా? మెరిసేది ఏది కనిపించినా ఇవి మింగి చూస్తాయి.
- మూడేళ్ళలోపు మొక్కలకు రక్షణ ఉందా?

చివరి అంశాన్ని తేలికగా తీసుకోకూడదు. మా తోటలో మొదటి ఏడాది ఖాళీల్లో నాటిన కొబ్బరి మొక్కల మొవ్వులను రెండు రోజుల్లో కొరికేశాయి. ఎదిగిన కొబ్బరికి ఏ హానీ చేయవుగానీ లేతమొక్క ఆకును, మామిడి, జామ మొక్కల బెరడును, అరటి పిలకలను వదలవు. మొక్క చుట్టూ మూడడుగుల ఎత్తున వెదురు తడిక లేదా ఇనుప వల కట్టడం తప్ప వేరే ఉపాయం లేదు.

2. తోటను నాలుగు భాగాలు చేసి మార్చి మార్చి మేపాలి

ఎకరాన్ని 25 సెంట్ల చొప్పున నాలుగు పలకలుగా విడదీయాలి. ఒక పలకలో వారం రోజులు మేపి, తరువాతి పలకకు మార్చాలి. ఈ లెక్కన ప్రతి పలకకూ 21 రోజుల విరామం దొరుకుతుంది. వానాకాలంలో గరిక తిరిగి చిగురించడానికి అది చాలు. ఎండాకాలంలో చిగురు ఆలస్యమవుతుంది కాబట్టి వారాన్ని చూసి కాక గడ్డి ఎత్తును చూసి మార్చాలి. ఒకటిన్నర అంగుళం కంటే కిందికి కొరికించితే గరిక కూడా కోలుకోదు, నేల బయటపడుతుంది.

పలకల మధ్య అడ్డుకు మూడడుగుల తడిక చాలు. ఇవి సాధారణంగా ఎగిరి దాటవు. ఒకటో రెండో రెక్కలు కొట్టి దాటుతుంటే వాటికి ఒకవైపు రెక్క పెద్ద ఈకలను మాత్రం కత్తిరించాలి. పాత చేపల వలను అడ్డంగా కట్టడం పెద్ద పొరపాటు. మెడ దూర్చి చిక్కుకుంటే విడిపించేవారు లేక ప్రాణం పోతుంది.

నీళ్ళ తొట్టిని నీడకు దూరంగా, పలకకు రెండో చివర పెట్టాలి. తిన్నది త్వరగా బయటకు వచ్చే జీవి కాబట్టి రెట్ట చాలా వేస్తుంది. నీరు, నీడ ఒకేచోట ఉంటే అక్కడే నిలబడి ఆ చోటును బురద చేస్తాయి. వేరువేరుగా ఉంటే అటూ ఇటూ నడుస్తూ రెట్టను తోటంతా పంచుతాయి. రోజూ తొట్టి ఒలకబోసిన నీరు కొబ్బరి పాదుకో అరటి బోదెకో వెళ్ళేలా చూసుకుంటే మంచిది.

చెరువు ఉండి తీరాలన్న నియమం లేదు. తల పూర్తిగా మునిగి కళ్ళు, ముక్కురంధ్రాలు కడుక్కోగల లోతు మాత్రం తప్పనిసరి. కోళ్ళ నీళ్ళపళ్ళెం పెడితే కొద్ది రోజుల్లోనే కళ్ళ చుట్టూ పుసి కడుతుంది. అడుగు లోతున్న సిమెంటు తొట్టి ఐదు పక్షులకు సరిపోతుంది.

3. మేత: ఎప్పుడు ఎంత, ఎప్పుడు ఏమీ వద్దు

జూన్ చివర నుంచి గుడ్ల కాలం దగ్గరపడేదాకా, గడ్డి బాగుంటే ఎదిగిన పక్షులకు దాణా అవసరం లేదు. ఇది చాలామందికి నమ్మకం కలగని మాట, అందుకే నూకలు వేస్తూ పోతారు. కడుపు నిండిన పక్షి నీడన కూర్చుంటుంది, గడ్డి కోసం నడవదు. మేత చాలిందో లేదో తెలుసుకోవడానికి సాయంత్రం పాకకు వచ్చేటప్పుడు మెడ మొదలును చూడాలి. బాగా మేసిన పక్షికి అక్కడ ఉబ్బుగా, చేతికి మెత్తగా తగులుతుంది. వారానికొకసారి రొమ్ము ఎముకను తడిమి చూడాలి: ఎముక కత్తి అంచులా తగిలితే మేత చాలడం లేదని, అసలు తగలకపోతే కొవ్వు పట్టిందని గ్రహించాలి.

గడ్డి ఎండిన కాలంలో పక్షికి రోజుకు సుమారు 150 గ్రాముల గింజ ఇవ్వాలి. ధాన్యం, నూకలు, కొద్దిగా తవుడు కలిపిన మేత సరిపోతుంది. ఐదు పక్షులకు రోజుకు 750 గ్రాములు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు అరవై రోజులకు 45 కిలోలు. ఈ 45 కిలోలను కోతల సమయంలోనే పక్కన పెట్టుకుంటే వేసవిలో వెతుక్కోనక్కరలేదు. దానితో పాటు మునగాకు, కూరగాయల ఆకులు, పాదుల దగ్గర కోసిన పచ్చగడ్డిని చిన్న ముక్కలు చేసి వేయాలి. గింజను ఉదయం కాక సాయంత్రమే వేయాలి. అప్పుడు పగలంతా మేస్తాయి, చీకటిపడేసరికి పాకకు వాటంతట అవే వస్తాయి.

ముతక ఇసుక ఒక పళ్ళెంలో ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గుడ్లు పెట్టే కాలంలో దాని పక్కనే గుల్లపొడి ఉంచాలి.

ఒక హెచ్చరిక. వేరుశనగ చెక్క మాంసకృత్తులకు మంచిదే అయినా, బూజు పట్టిన చెక్కలో, బూజు పట్టిన మొక్కజొన్నలో చేరే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కోళ్ళు తట్టుకున్నంతగా బాతుజాతి తట్టుకోలేదు. కాలేయం దెబ్బతిని, ముందు మేత మానేసి, నీరసించి చనిపోతాయి. అప్పటికి చేయగలిగేదేమీ ఉండదు. ముక్క వాసన వేస్తున్న చెక్కను ఎండబెట్టినా విషం పోదు. మా ఇంట్లో వానాకాలంలో చెక్క కొనడమే మానేశాము.

4. పాక

ఇవి కొమ్మ మీద, దండె మీద కూర్చోవు, నేల మీదే నిద్రపోతాయి. రాత్రి పడుకోవడానికి ఒక్కో పక్షికి పది చదరపు అడుగులు ఇస్తే ఇరుకు ఉండదు. ఐదింటికి 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న పాక చాలు. పిల్లలు ఎదిగేదాకా మిగిలిన చోటు వాటికి పనికివస్తుంది.

నేల చుట్టుపక్కల కంటే అడుగు ఎత్తులో ఉండాలి. తడిసిన నేల వీటికి చలికంటే ఎక్కువ హాని చేస్తుంది. అరికాళ్ళు పుండ్లు పడతాయి, గుడ్లు మురికి అవుతాయి. ఊక లేదా ఎండిన వరిగడ్డి నాలుగు అంగుళాల మందంగా పరచి, తడిసినచోట పైపైన కొత్తది చల్లుతూ, నెలకొకసారి మొత్తం తీసి ఎరువుగుంతలో వేయాలి. పైకప్పు తాటాకుదైనా కొబ్బరాకుదైనా సరే. మూడు వైపులా గాలి ఆడాలి.

వల విషయంలో పొదుపు పనికిరాదు. సన్నని కోళ్ళ వలను వీధికుక్క ఒక రాత్రిలో చింపుతుంది. కింది మూడడుగులకు గట్టి వెల్డెడ్ మెష్ వేసి, ఒక అడుగు నేలలో పాతాలి. నక్క, కుక్క పెద్ద పక్షులకు శత్రువులు. ముంగిస, ఉడుము గుడ్లకు, పిల్లలకు. తలుపు కనీసం మూడడుగుల వెడల్పు ఉండాలి, ఎందుకంటే ఇవి వరుసలో రావు, ఒకేసారి తోసుకుంటూ వస్తాయి. ఇరుకు తలుపు దగ్గర కాళ్ళు, రెక్కలు దెబ్బతింటాయి.

5. స్వభావం: తోలడం, పట్టుకోవడం, మగబాతుతో వ్యవహారం

కొత్తగా తెచ్చిన పక్షులను మొదటి వారం పాకలోను, దాని ముందు చిన్న ఆవరణలోను ఉంచాలి. రాగానే తోటలో వదిలితే బెదిరి కంచె దాటి, వచ్చినదారి వెతుక్కుంటాయి. బాతుపిల్లలను ఒంటరిగా పెంచకూడదు. మనిషి చేతుల్లో ఒంటరిగా పెరిగిన మగపిల్ల ముద్దుగా కనిపించినా, ఎదిగాక మనుషులను తన జాతివాళ్ళుగా భావించి పోటీకి వస్తుంది. మచ్చికైన పక్షి కరవదు అనే నమ్మకం మగబాతు విషయంలో తలకిందులవుతుంది.

తోలడానికి పొడవాటి కర్రను నేలకు సమాంతరంగా పట్టుకుని నెమ్మదిగా వెనక నడవాలి. అది మీ చేయి పొడవైనట్టు వాటికి కనిపిస్తుంది. కొట్టనక్కరలేదు, పరుగెత్తించకూడదు.

పట్టుకోవలసి వస్తే కాళ్ళు పట్టి ఎత్తకూడదు. వాటి కాళ్ళు కోడికాళ్ళంత బలమైనవి కావు, కీలు తప్పుతుంది. మెడ మొదలును ఒక చేత్తో మెల్లగా పట్టుకుని, రెండో చేత్తో రెక్కలను ఒంటికి అదిమి, శరీరాన్ని చంకలో ఇరికించుకుని, తల మీ వెనకవైపు ఉండేలా ఎత్తాలి. తల ముందుంటే ముఖాన్ని కొరుకుతుంది, తోక ముందుంటే బట్టలు పాడవుతాయి, రెండోదే నయం.

గుడ్ల కాలంలో మగబాతు మెడ నేలకు వంచి, ముందుకు చాచి బుసకొడుతూ వస్తుంది. అప్పుడు వెనుదిరిగి పరుగెత్తితే వెంటపడుతుంది. నిలబడి, చేతులు చాచి, ఎదురుగా ఒక అడుగు వేస్తే సాధారణంగా ఆగిపోతుంది. ఐదారేళ్ళ పిల్లలకు దాని తల ముఖం ఎత్తున వస్తుంది కాబట్టి ఆ నెలల్లో పిల్లలను ఒంటరిగా ఆ వైపు పోనివ్వకూడదు. అరుపు గురించి కూడా ముందే చెప్పాలి: రాత్రి కుక్క కదిలినా, కొత్త మనిషి వచ్చినా ఊరు లేచేలా అరుస్తాయి. పక్కింటి గోడకు ఆనుకుని పాక వేయవద్దు.

6. జత కుదర్చడం, గుడ్లు సేకరించడం

ఒక మగబాతుకు మూడు నుంచి నాలుగు ఆడబాతులు సరి. ఇవి జతకూడటానికి తొందరపడవు. అక్టోబరులో గుడ్లు కావాలనుకుంటే జూలైలోపే గుంపు కుదిరి ఉండాలి. గుడ్ల కాలం మధ్యలో మగబాతును మార్చితే ఆ ఏడాది ఎక్కువ గుడ్లు పొదుగుకు పనికిరాకుండా పోతాయి.

ఆడా మగా గుర్తించడంలో చాలామంది మోసపోతారు. మగబాతు బొడిపె పెద్దది, మెడ పొడుగు, గొంతు సన్నగా కీచుగా ఉంటుంది. ఆడబాతు గొంతు కాస్త బొంగురు. వయసు తేడా ఉన్న పక్షులను పక్కపక్కన పెట్టి బొడిపె పోల్చితే తప్పు అవుతుంది. కొనేముందు అనుభవజ్ఞుడిచేత మలద్వారం పరీక్ష చేయించడమే నమ్మకమైన మార్గం.

డెల్టా ప్రాంతంలో వానలు తగ్గి చలి మొదలయ్యేటప్పుడు గుడ్లు మొదలై, ఎండలు ముదిరేసరికి ఆగిపోతాయి. రోజు విడిచి రోజు, ఎక్కువగా ఉదయం పూట పెడతాయి. మన పల్లె పక్షి నుంచి ఒక కాలానికి 30 నుంచి 40 గుడ్లు వస్తే బాగా పెట్టినట్టే. మొదటి ఏడాది గుడ్లు చిన్నవి, పొదిగే శాతం తక్కువ. రెండో ఏడాది నుంచి మెరుగుపడుతుంది. గుడ్డు బరువు కోడిగుడ్డుకు రెండింతలు దాటి, ఒక్కోసారి మూడింతలుంటుంది.

మొదటి గుడ్డుకు మూడు వారాల ముందు నుంచే గడ్డి ఎంత ఉన్నా రోజుకు 150 గ్రాముల చొప్పున గుడ్లు పెట్టే కోళ్ళకు వేసే లేయర్ దాణా మొదలుపెట్టాలి. పాకలో చీకటిగా ఉండే మూలల్లో రెండడుగుల చదరపు గూళ్ళు రెండు చేసి, వరిగడ్డి పరచి, ఒక్కోదాంట్లో గుడ్డు ఆకారంలో చెక్కిన కర్రముక్క ఉంచాలి. ఉదయం తొమ్మిది దాటేదాకా బయటకు వదలకుండా ఉంటే గుడ్లు పొదల్లో కాక గూటిలోనే పడతాయి. రోజుకు రెండుసార్లు తీయాలి. తీయకపోతే కొన్ని గుడ్లు చేరగానే పొదుగుకు కూర్చుని, పెట్టడం మానేస్తుంది.

7. పొదిగించడం: ముందు గుడ్లనే ఎంచుకోవాలి

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుడ్ల కాలం చలిలో వస్తుంది, పొదుగుకు 30 రోజులు పడుతుంది, పిల్ల గడ్డి మీద పూర్తిగా ఆధారపడటానికి మరో ఆరు వారాలు. ఫిబ్రవరి చివర పొదిగిన పిల్లకు గడ్డి మేయగల వయసు వచ్చేసరికి తోటలో గడ్డి ఉండదు, దాణా ఖర్చు మోయాలి. కాబట్టి నవంబరు, డిసెంబరు గుడ్లనే పిల్లలకు పెట్టి, జనవరి నుంచి వచ్చే గుడ్లను తినడానికో అమ్మకానికో వాడుకోవాలి.

ఉదాహరణకు రెండు మంచి ఆడబాతుల నుంచి పది రోజుల్లో పది గుడ్లు వస్తాయి. వాటిని కడగకుండా, మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిచి, ఇంట్లో అన్నిటికంటే చల్లని చోట ఇసుక కుండలో ఉంచి, రోజుకొకసారి పక్క మార్చాలి. పది రోజులు దాటిన గుడ్డును పొదుగుకు పెట్టకూడదు. పొదుగుకు కూర్చున్న మరో ఆడబాతు కింద ఆ పదింటినీ ఒకేసారి పెట్టాలి. నాటుకోడిని వాడితే నాలుగు లేదా ఐదు చాలు. పైగా అంత పెద్ద గుడ్డును కోడి తిప్పలేదు కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు మనమే తిప్పాలి.

పదో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడాలి. సాలెగూడులా ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల ఎదుగుతున్నట్టు. తేటగా ఉంటే వ్యర్థం, తీసేయాలి. పదిలో ఎనిమిది మిగిలి, వాటిలో ఆరు పిల్లలు నడిస్తే నిరాశపడనక్కరలేదు. కోడి కింద పెట్టినప్పుడు చివరి రెండు వారాల్లో రోజుకొకసారి గోరువెచ్చని నీరు గుడ్ల మీద చిలకరించాలి. ఆడబాతు స్నానం చేసి తడి రొమ్ముతో కూర్చుంటుంది కాబట్టి దానికి ఈ పని అక్కరలేదు.

8. పిల్లల మొదటి ఆరు వారాలు

మొదటి వారం చుట్టూ 32 డిగ్రీల వరకు వెచ్చదనం ఉండి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడితే చలి, దూరంగా నోరు తెరిచి నిలబడితే వేడి. కింద వార్తాపత్రిక పరచవద్దు, జారి కాళ్ళు పక్కలకు చీలిపోతాయి. గోనెసంచి మంచిది.

తల్లి లేని పిల్లల నూగు తడిని ఆపదు. నాలుగు వారాలు నిండేదాకా ఈతకు వదలకూడదు. నీటి పళ్ళెంలో ముక్కు మునగాలి, ఒళ్ళు మునగకూడదు.

దాణాలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, కోడిపిల్లల దాణా ఒక్కటే వేయడం. బాతుజాతి పిల్లలకు నియాసిన్ అనే బి3 విటమిన్ కోడిపిల్లలకంటే ఎక్కువ కావాలి. తగ్గితే కాళ్ళు విల్లులా వంగి, నడవలేక కూర్చుండిపోతాయి. స్టార్టర్ అని అమ్మే ఆ కోడిపిల్లల దాణా కిలోకు 50 గ్రాముల బ్రూవర్స్ ఈస్టు పొడి కలపాలి. మందు కలిపిన దాణా అయితే బాతులకు పనికివస్తుందో లేదో పశువైద్యుడిని అడిగి వేయాలి.

రెండోది, బలంగా పెరగాలని నాలుగో వారం తరువాత కూడా అదే గట్టి దాణా కడుపునిండా పెట్టడం. అప్పుడు రెక్క ఈకలు ఎముక మోయలేనంత వేగంగా పెరిగి, రెక్క చివర బయటకు తిరిగిపోతుంది. తొలిరోజుల్లోనే గమనించి, రెక్కను సహజంగా మడిచి మెత్తని గుడ్డపట్టీతో నాలుగైదు రోజులు కట్టి, దాణా తగ్గించి గడ్డి పెంచితే సర్దుకుంటుంది. ఎదిగాక సర్దుకోదు.

పిల్లలకు వారం వారం:

- 1వ వారం: స్టార్టర్ దాణా, ఈస్టు, సన్నగా తరిగిన గరిక, సన్నని ఇసుక.
- 2, 3 వారాలు: ఎండ ఉన్నప్పుడు రెండు గంటలు గడ్డి మీదకు. పైన వల తప్పదు, కాకి, గద్ద ఎత్తుకుపోతాయి.
- 4వ వారం: మాంసకృత్తులు తక్కువగా ఉండే గ్రోయర్ దాణాకు మార్పు, రోజంతా గడ్డి.
- 6వ వారం నుంచి: సాయంత్రం గుప్పెడు నూకలు, మిగిలినదంతా గడ్డి.

పిల్లలను ఎప్పుడూ పెద్దవి మేసి వదిలిన పలకలోకి కాక, విరామం పూర్తయిన పలకలోకే ముందు వదలాలి. పెద్దబాతుల కండరాల తిత్తిలో ఉండే పురుగులు రెట్ట ద్వారా గడ్డికి చేరి, అక్కడి నుంచి పిల్లలకు సోకుతాయి. పెద్దవి తట్టుకుంటాయి, పిల్లలు చిక్కిపోతాయి. మేత బాగా తింటున్నా బరువు పెరగని పిల్ల కనిపిస్తే రెట్టను పశువైద్యశాలలో పరీక్ష చేయించి, వారు చెప్పిన మోతాదులోనే పురుగుల మందు వేయాలి. బాతుల ప్లేగు టీకా సంగతి కూడా అప్పుడే అడగాలి. ఆ వ్యాధి పెద్దబాతులకూ వస్తుంది. ఒకేసారి రెండు మూడు పక్షులు కారణం తెలియకుండా చనిపోతే కళేబరాలను చేత్తో ముట్టకుండా, పాతిపెట్టకముందే పశువైద్యుడికి కబురు చేయాలి.

ఎదిగిన పిల్లల్లో ఎన్నిటిని ఉంచుకోవాలన్నది మార్చి మొదటి వారంలో నిర్ణయించాలి. నాలుగు పలకలూ నడిచి, చిగురు నాలుగు అంగుళాలు ఉన్న పలకలు ఎన్నో చూడండి. రెండుంటే పాత ఐదింటికి తోడు ఒకటో రెండో ఆడపిల్లలను ఉంచుకోవచ్చు. ఒకటే ఉంటే పిల్లలన్నిటినీ కాలువలు కట్టకముందే అమ్మేయాలి.